వ్రతాన్ని వచ్చే శుక్రవారానికి మార్చుకోవచ్చు కదా

శ్రావణమాసం మొదలవుతుందనగా మా అత్తగారి వైపు బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పెట్టినావిడ పెద్దావిడ, ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందుండే మనిషి. "అమ్మాయిలూ, రెండో శుక్రవారం అందరం మా ఇంట్లోనే కలిసి వరలక్ష్మీ వ్రతం చేసుకుందాం. డేట్ దగ్గర్లో ఉన్నవాళ్లు ముందే మాత్ర మొదలుపెట్టండి, చివర్లో టెన్షన్ పడొద్దు" అని రాశారు. దాని కింద వరసగా దణ్ణాలు, పువ్వుల బొమ్మలు, "తప్పకుండా పిన్నిగారూ" అనే జవాబులు. చీర ఏ రంగు కట్టుకోవాలి, తోరాలు ఎవరు తెస్తారు అన్న కబుర్ల మధ్యలో నెలసరిని వాయిదా వేసే ఆ మాత్ర మాట కూడా అలా కలిసిపోయింది.

నేనూ ఏమీ అనలేదు, గ్రూపులో అనే మాట కాదది. కానీ అప్పటినుంచీ దీని గురించే ఆలోచిస్తున్నాను. ముట్టు పట్టింపులన్నీ ఒక్కరోజులో తీసి గట్టున పెట్టాలనే వాదన కాదు నాది, ఆ పట్టింపుల మధ్యే పెరిగాను, కొన్ని నాలో ఇప్పటికీ ఉన్నాయి. నేను చెప్పదలుచుకున్నది ఇంకా చిన్న విషయం. మన ఇళ్లల్లో ఈ నియమాలు రెండు తరాలుగా మారుతూనే వస్తున్నాయి. మారిన ప్రతిసారీ ఆ మార్పు ఖర్చు ఎవరి మీద పడింది అని చూస్తే ఒక వరస కనిపిస్తుంది. ఆ వరసలో చివరికి వచ్చి చేరింది ఈ మాత్ర. నియమాన్ని నియమంగానే ఉంచి ఆడదాని ఒంటిని మార్చమంటుంది. ఇది మాత్రం మన పెద్దవాళ్లు ఎవరూ అడగలేదు.

వంటింట్లోకి ఎలా రానిచ్చారు

మా అమ్మమ్మగారింట్లో బయట చేరితే పెరటి వసారాలో చాప, విడిగా ఒక కంచం, ఒక చెంబు. అన్నం పైనుంచి వడ్డించేవారు. పచ్చడి జాడీల వైపు, తులసికోట వైపు వెళ్లకూడదు. నాలుగో రోజు తలస్నానం చేసి, కట్టుకున్న బట్టలు, పడుకున్న చాప తడుపుకుని లోపలికి రావాలి. అయినా దేవుడి గదిలోకి ఐదో రోజునే. నాలుగో రోజుకి సంసారానికి శుద్ధి, ఐదో రోజుకి దైవకార్యాలకీ పితృకార్యాలకీ శుద్ధి అని శాస్త్రం చెప్పిన లెక్క అదే. అందరిళ్లల్లో ఇలాగే ఉండేదనుకోవడం పొరపాటు. మా ఊళ్లో నాట్లకీ కోతలకీ వెళ్లే ఆడవాళ్లకి మూడు రోజులు మూల కూర్చునే వీలు ఎప్పుడూ లేదు, వాళ్ల ఇళ్లల్లో దీపం ముట్టుకోకపోవడం వరకే పట్టింపు ఉండేది.

తర్వాత అందరం పట్నాల్లో రెండు గదుల ఇళ్లల్లోకి వచ్చాం. పెరడు లేదు, వసారా లేదు, వండిపెట్టే అత్తో వదినో ఇంట్లో లేదు. మూడు రోజులు ఆవిడ వంటింట్లోకి రాకపోతే ఆయన ఆఫీసుకి క్యారేజీ లేదు, పిల్లలకి టిఫిన్ లేదు. అప్పుడేమైంది? వంటకి మైల లేదని తేల్చుకున్నాం. ఏ పీఠాధిపతినీ అడగలేదు, ఏ పంచాంగమూ చూడలేదు. "ఈ రోజుల్లో ఎక్కడ కుదురుతుందమ్మా" అన్న ఒక్క మాటతో అయిపోయింది. ఇప్పుడు చాలా ఇళ్లల్లో నియమం ఏమిటంటే, ఆ మూడు రోజులూ ఆవిడ వండిన అన్నం అందరూ తింటారు, ఆవిడ వండింది నైవేద్యం మాత్రం పెట్టరు. ఆవిడ మంచం మీదే పడుకుంటుంది, అందరినీ తాకుతుంది, ఆఫీసుకి వెళ్తుంది. దేవుడి గది గడప మాత్రం దాటదు.

నాకిది వెటకారంగా చెప్పాలని లేదు, ఎందుకంటే ఆ సడలింపు వల్ల మా అమ్మకి నిజంగా ఊపిరాడింది. కానీ ఎక్కడ సడలించాం, ఎక్కడ పట్టుకున్నాం అన్నది చూడండి. పాటిస్తే ఇల్లంతా ఇబ్బంది పడే చోట నియమం జారిపోయింది. పాటిస్తే ఒక్క ఆవిడే ఇబ్బంది పడే చోట నిలబడింది. వంట మానేస్తే నలుగురికి కష్టం. పూజ మానేస్తే ఆవిడ ఒక్కదానికే బాధ, దీపం భర్త పెడతాడు, లేదా ఆ మూడు రోజులూ పెట్టరు.

మా తోడికోడలి విషయం

ఇది రాయడానికి తన అనుమతి తీసుకున్నాను, పేరు వద్దంది. ఆ శ్రావణంలో తన తేదీ బుధవారానికి పడుతుంది, వ్రతం ఆ శుక్రవారం. అంటే నడి మూడో రోజు. అదొక్కటే అయితే ఏమోగానీ, మా మరిది తిరుమలకి మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు అంతకు చాలా ముందే తీసి ఉంచాడు, ఆ దర్శనం వ్రతం తర్వాతి బుధవారం. రెండిటికీ కలిపి సరిపోయేలా మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంది. చీటీ అడగలేదు, ఆ షాపతను శ్రావణంలో, కార్తీకంలో ఇవి అమ్ముతూనే ఉంటాడు కాబట్టి ఎలా వేసుకోవాలో తనే చెప్పాడు. తేదీకి మూడు రోజుల ముందు నుంచి, రోజుకి మూడు. ఆదివారం మొదలుపెట్టింది. తర్వాతి బుధవారం దర్శనం అయ్యేదాకా వేసుకోవాలంటే మొత్తం 11 రోజులు, 33 మాత్రలు.

శుక్రవారం పొద్దున్న నాలుగింటికి లేచి తలస్నానం చేసి, పూర్ణం బూరెలు, పులిహోర, గారెలు, పరమాన్నం అంటూ పెద్దావిడతో సమానంగా పొయ్యి దగ్గర నిలబడింది. వ్రతం అయ్యేదాకా ఏమీ తినకూడదు. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందని పొద్దున్న మాత్ర వదిలేసింది. కథ అయ్యి, తోరాలు కట్టుకుని, వాయినాలు ఇచ్చిపుచ్చుకుని భోజనాలకి కూర్చునేసరికి మూడు దాటింది, ఆ హడావుడిలో మధ్యాహ్నం మాత్ర గుర్తే లేదు. సాయంత్రం పేరంటాళ్లు వస్తుండగా నన్ను వెనక గదిలోకి పిలిచింది. ముఖం తెల్లబోయి ఉంది. చుక్క కనిపించిందిట. "అక్కా, పొద్దుట్నించీ కలశాన్ని నేనే సర్దాను. అమ్మవారికి రూపు పెట్టింది నేనే. ఇప్పుడెవరికైనా చెప్పాలా, చెప్పకపోతే పాపమా?" అని అడిగింది. చేతికి తోరం, నుదుట అక్షింతలు, కళ్లల్లో నీళ్లు.

ఎవరికీ చెప్పలేదు. మాత్ర మళ్లీ వేసుకుంది, అది ఆగిపోయింది. ఆ వారమంతా కడుపుబ్బరం, రొమ్ములు నొప్పి. తిరుమలలో కంపార్ట్‌మెంట్లో కూర్చున్నప్పుడు కంటి ముందు వంకర గీతల్లా మెరిశాయిట, ఆ తర్వాత అరతలనొప్పి పట్టుకుంది. స్వామి ముందు నిలబడ్డ ఆ రెండు క్షణాలూ తల పగిలిపోతుంటే గోవిందా అని అనలేకపోయానక్కా అంది. దర్శనం అయ్యాక మాత్ర ఆపేసింది, మూడో రోజుకి వచ్చింది, మామూలు కంటే ఎక్కువగా.

తర్వాత వేరే పనిమీద గైనకాలజిస్టు దగ్గరకి వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు వస్తాయా? వస్తాయి, కాలేజీ రోజుల నుంచీ వస్తాయి. అయితే ఈ మాత్ర మళ్లీ వేసుకోవద్దు, అవసరమైతే నా దగ్గరకి రా, వేరేది చూద్దాం అన్నారు. ఆ ప్రశ్న మందుల షాపులో ఎవరూ అడగలేదు, గ్రూపులో మెసేజ్ పెట్టినావిడకి తెలియదు, భర్తకి తెలిసినా అది మాత్రకి సంబంధించిన విషయమని తెలియదు.

ఆ మాత్ర లోపల ఏం చేస్తుంది

ఎక్కువగా ఇచ్చేది నోరెథిస్టిరాన్, 5 మిల్లీగ్రాములది. నెల చివర్లో ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పడిపోతుంది, అది పడిపోవడంతో గర్భసంచి లోపలి పొర ఊడి బయటికి వస్తుంది, అదే నెలసరి. ఈ మాత్ర ప్రొజెస్టిరాన్ చేసే పని తాను చేస్తూ ఆ పొరని నిలబెట్టి ఉంచుతుంది. వేసుకున్నన్నాళ్లూ నిలుస్తుంది, ఆపిన రెండు మూడు రోజుల్లో రక్తస్రావం మొదలవుతుంది. అందుకే పూటలు తప్పితే మధ్యలో చుక్కలు కనిపిస్తాయి. ఉపవాసం ఉండే రోజున పూట తప్పడం ఎంత సులువో మా ఇంట్లో చూశాం. ఆలస్యంగా, తేదీ ముంచుకొచ్చాక మొదలుపెట్టినా పని చేయకపోవచ్చు. పైగా వాయిదా పడ్డ తేదీ అక్కడితో ఆగదు, తర్వాతి నెలల లెక్కంతా ముందుకి జరుగుతుంది.

ఇది విషమని నేను అనడం లేదు. ఆరోగ్యంగా ఉన్న చాలామందికి కొద్ది రోజులు వేసుకుంటే పెద్ద ప్రమాదం ఉండదు, డాక్టర్లు రాస్తారు కూడా. సమస్య ఎవరికంటే, ఇంతకుముందు కాళ్లల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లకి, ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకి, మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకి, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకి. ఈ మోతాదులో వేసుకున్నప్పుడు నోరెథిస్టిరాన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, గడ్డకట్టే భయం అక్కడినుంచి వస్తుంది. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే వేసుకోకూడదు, అలాగని ఇది గర్భం రాకుండా ఆపే మాత్ర కూడా కాదు. ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాల్సిన మందు ఇది. ఆ నియమం ఎందుకుందో మా తోడికోడలికి డాక్టరమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది.

మైల గురించి ఇంత పట్టింపుగా, గడప ఎక్కడ దాటాలో ఎక్కడ దాటకూడదో చెప్పే మనం, మందు దగ్గరకి వచ్చేసరికి ఏ నియమమూ లేకుండా "వేసేసుకో" అంటాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పాత దారులు ఉండగా

మాత్ర సంగతి మా అమ్మతో చెబితే ఆవిడ ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన మనిషి, మడి కట్టుకుని వంట చేసిన రోజులు చూసింది, ఇప్పటికీ నేను తలస్నానం చేశానా లేదా అని అడిగే తులసి దగ్గరకి పంపుతుంది. ఆవిడ అంటుంది, "అమ్మవారు ఇచ్చిన శరీరం, అమ్మవారి పేరు చెప్పి దాన్ని కట్టేస్తారా? వచ్చే శుక్రవారం లేదా?"

ఈ వాదన ఆధునికుల దగ్గర నేర్చుకున్నది కాదు. వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం చేయాలి, వీలుకాకపోతే శ్రావణంలో ఇంకే శుక్రవారమైనా చేసుకోవచ్చు అని మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆ వెసులుబాటు ఎందుకు పెట్టుకున్నారు? నెలకోసారి ముట్టు వచ్చే ఆడవాళ్లు చేసే వ్రతం కాబట్టి అని నా నమ్మకం. సత్యనారాయణ వ్రతానికైతే ఫలానా రోజే కావాలని లేదు. వినాయక చవితి తిథిని బట్టి వస్తుంది, దాన్ని మార్చలేం, ఆ రోజు ఇంట్లో మగవాళ్లో పిల్లలో పూజ చేస్తారు. నోము పట్టినవాళ్లకి మధ్యలో అడ్డొస్తే ఉపవాసం తాను ఉండి పూజ మరొకరి చేత చేయించడం ఉంది. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు వెలిగిస్తాం, ఏడాది పొడుగునా దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ కలిపి అని. ఆ పెట్టలేకపోయిన రోజుల్లో నెలనెలా వచ్చే ఆ రోజులూ ఉన్నాయి కదా. తెలియక ముట్టుకున్న దోషానికి వినాయక చవితి మర్నాడు ఋషి పంచమి వ్రతం ఉంది, మా వైపు ముట్లుడిగిన ఆడవాళ్లు చేసుకుంటారు. ఆ వ్రతకథ నాకు ఇష్టం ఉండదు. ముట్టుతో గిన్నెలు తాకినందుకు ఒకావిడ మరుజన్మలో కుక్కై, ఆవిడ దోషం అంటిన భర్త ఎద్దై కొడుకింట్లోనే పుడతారు. భయపెట్టే కథ. కానీ దాని వెనక ఉన్న లెక్క మాత్రం గమనించండి. ఆడవాళ్లు ఏదో ఒకరోజు తెలియక తాకుతారు, అది జరిగేదే, దానికి ఇదీ దారి అని ముందే అనుకున్నారు. మా తోడికోడలు ఆ రాత్రి ఏడ్చిన దానికి మా అమ్మ చెప్పిన జవాబు కూడా అదే, "అందుకే ఋషి పంచమి ఉందని చెప్పు, ఏడవొద్దను."

పెళ్లికి ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. హోమం వేళకి పెళ్లికూతురు ముట్టైనట్టు తెలిస్తే పెళ్లి ఆపమని ధర్మశాస్త్ర నిబంధనలు చెప్పలేదు. ఆమెకి స్నానం చేయించి, ప్రాయశ్చిత్తంగా ఒక ఆహుతి వేసి, మిగతా తంతు జరిపించమన్నాయి. అంత పెద్ద కార్యానికే దారి చూపించారు. అసలు అంతదాకా రాకుండా, లగ్నం పెట్టించే ముందే పెళ్లికూతురి తల్లిని పక్కకి పిలిచి అమ్మాయి తేదీ ఎప్పుడని అడిగి, దానికి ముందో వెనకో ముహూర్తం చూడమని పురోహితుడికి చెప్పేవాళ్లు. మా పెళ్లిళ్లన్నీ అలాగే కుదిరాయి. అంటే పెద్దవాళ్లు మనిషి ఒంటిని బట్టి తేదీ చూసేవారు.

ఇప్పుడు తేదీ ఎవరు నిర్ణయిస్తున్నారు? ఫంక్షన్ హాలు ఖాళీ ఉన్న రోజు. కొడుకు అమెరికా నుంచి సెలవు దొరికే వారం. విమానం టికెట్టు. ఫోటోగ్రాఫరు. ఇవన్నీ కుదిరాక పెళ్లికూతురి తేదీ చూస్తారు, అప్పటికి మార్చడానికి మిగిలింది ఆ పిల్ల ఒళ్లొక్కటే. న్యూజెర్సీలో ఉండే మా కజిన్ చెప్పింది, వాళ్ల దగ్గర సామూహిక వరలక్ష్మీ వ్రతం శనివారం పెడతారుట, శుక్రవారం అందరికీ ఆఫీసులు కాబట్టి. హైదరాబాద్‌లో అపార్టుమెంట్లలో కూడా ఆదివారం పెట్టుకోవడం చూశాను. తప్పు లేదు, నేనూ వెళ్లాను. కానీ ఆఫీసు కోసం శుక్రవారాన్నే వదులుకోగలిగినవాళ్లం, ఇంటి కోడలి కోసం ఈ శుక్రవారం నుంచి వచ్చే శుక్రవారానికి ఎందుకు జరగలేం?

ఎదురు వచ్చే మాటలు

మొదటి మాట, ఆవిడకే ఇష్టమైతే నీకేమిటి అని. ఇది నన్ను నిజంగా ఆపే ప్రశ్న. మా తోడికోడల్ని ఎవరూ బలవంతం చేయలేదు. మాత్ర వేసుకోకపోతే వ్రతంలో ఒక మూల కూర్చుని అందరూ కలశం ముందు కూర్చోవడం చూస్తూ ఉండాలి, "ఏం, నువ్వు కూర్చోలేదా" అని అడిగే ప్రతి పేరంటాలికీ గొంతు తగ్గించి కారణం చెప్పుకోవాలి. దానికంటే మాత్ర నయం అనుకుంది. ఆ పరిస్థితిలో నేనైనా అలాగే అనుకుంటానేమో. ఇష్టం ఆవిడదే, ఒప్పుకుంటాను. కానీ రెండే దారులు పెట్టి, ఒకదాంట్లో నలుగురిలో చిన్నబోవడం, రెండోదాంట్లో 33 మాత్రలు ఉంచితే, ఆ ఎంచుకోవడాన్ని నేను ఆవిడ స్వేచ్ఛ అని చెప్పి పక్కకి తప్పుకోలేను. మూడో దారి, అంటే తేదీ మార్చడం, ఎవరి చేతిలో ఉంది? మెసేజ్ పెట్టినావిడ చేతిలో. ఆవిడకి ఆ ఆలోచన రాకపోవడానికి కారణం చెడ్డతనం కాదు, మాత్ర అంత సులువుగా దొరకడమే.

రెండో మాట, ఇవన్నీ ఆడవాళ్ల విశ్రాంతి కోసం పెద్దలు పెట్టినవి అని. ఈ మాట ఎవరైనా అంటే నాకు ఓపిక ఉండదు. తైత్తిరీయ సంహితలో చెప్పిన కారణం వేరు. విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుడు ఆ బ్రహ్మహత్యా పాపాన్ని భూమికీ చెట్లకీ స్త్రీలకీ పంచాడని, స్త్రీల వాటాయే ఇలా కనిపిస్తోందని కథ. ఆ రోజుల్లో తల దువ్వుకోకూడదు, కాటుక పెట్టుకోకూడదు, గోళ్లు తీసుకోకూడదు అని అక్కడ ఉంది. విశ్రాంతి ఊసు లేదు. విశ్రాంతే ఉద్దేశమైతే ఈ మాత్ర ఎక్కడినుంచి వచ్చింది? విశ్రాంతి తీసుకోవాల్సిన మూడు రోజుల్ని మాయం చేసి, తెల్లవారుజామున లేపి బూరెలు వేయించే ఏర్పాటుని ఏ పేరుతో పిలుస్తాం?

మూడో మాట అవతలి వైపు నుంచి వస్తుంది, మా అమ్మాయి నుంచి. "అమ్మా, ఇంత వాదన ఎందుకు, ఆ రోజుల్లో పూజ చేస్తే ఏమవుతుంది, చేసేయొచ్చు కదా" అంటుంది. తను చేస్తుంది కూడా, రెండో రోజైనా సరే పరీక్ష ఉంటే దణ్ణం పెట్టుకుని, దీపం వెలిగించి వెళ్తుంది. నేను ఆపను. తన వాదనకి నా దగ్గర జవాబు లేదు. నేను మాత్రం ఆ రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్లను. ఎందుకని అడిగితే పాపం అనుకోవడం వల్ల కాదు, చిన్నప్పటినుంచీ ఒంటికి పట్టిన అలవాటు, ఐదో రోజు తలస్నానం చేసి దీపం పెడుతున్నప్పుడు కలిగే తేట నాకు ఇష్టం. దాన్ని ఎవరూ నా మీద రుద్దలేదు, నేను మా అమ్మాయి మీద రుద్దను. ఒకే ఇంట్లో మూడు పద్ధతులు నడుస్తున్నాయి, అమ్మది ఒకటి, నాది ఒకటి, పిల్లది ఒకటి. ఇంతవరకూ ఇల్లు ఏమీ కూలిపోలేదు. మేం ముగ్గురం కలిసే ఒక్క చోటు ఉంది, దీనికోసం మాత్ర వేసుకోం.

2018 సెప్టెంబరులో శబరిమల తీర్పు వచ్చినప్పుడు మన ఇళ్లల్లో జరిగిన చర్చలు గుర్తున్నాయి, పదేళ్ల నుంచి యాభై ఏళ్ల మధ్య ఆడవాళ్లు కొండెక్కొచ్చా లేదా అని అందరూ మాట్లాడారు. కానీ మాల వేసుకున్న ఇంట్లో భార్యకి ఆ రోజులు వస్తే ఆవిడ పుట్టింటికో, పక్కవీధిలో చెల్లెలింటికో బట్టల సంచీతో వెళ్లడం గురించి ఆ చర్చల్లో ఎవరూ ఎత్తలేదు. మండలం 41 రోజుల్లో అది కనీసం ఒకసారైనా వస్తుంది. ఇప్పుడు కొన్ని ఇళ్లల్లో ఇది తిరగబడింది, ఆ నాలుగు రోజులూ స్వామే సన్నిధానానికి వెళ్లి అక్కడే పడుకుంటున్నాడు, భిక్ష అక్కడే చేస్తున్నాడు. మాల వేసుకున్నది ఆయన, కాబట్టి సర్దుకోవాల్సిందీ ఆయనే అని ఒక గురుస్వామి మా వీధిలో చెప్పగా విన్నాను. దీక్షకి ఏ లోటూ రాలేదు. నియమం అదే, మోసేవాళ్లు మారారు. నేను అడుగుతున్నది ఇంతకంటే ఎక్కువ కాదు.

తిరుమల మాత్రం

తిరుమల టికెట్టు విషయంలో నా వాదన ఇంత తేలిగ్గా నిలబడదని తెలుసు. టికెట్టు నెలల ముందు తీయాలి, దానిమీద పేరు, ఆధార్, తేదీ, సమయం ఉంటాయి, ఈ బుధవారం కాదు వచ్చే బుధవారం వస్తానంటే కుదరదు. అంత ముందుగా తేదీ ఎలా పడుతుందో ఎవరికి తెలుసు? ఇంటిల్లిపాదీ రైలెక్కాక, కొండమీద గదిలో ఒక్కర్తే కూర్చుని వెంకన్నని చూడకుండా దిగి రావడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. నాకు తెలిసి కొందరు ఎవరికీ చెప్పకుండా దర్శనం చేసుకుని వస్తారు. కొందరు గదిలోనే ఉండిపోతారు. మిగతావాళ్లు మాత్ర వేసుకుంటారు.

మా తోడికోడలు నన్ను సూటిగా అడిగింది, "మళ్లీ ఇలాగే పడితే ఏం చేయమంటావక్కా?" అని. నాకు తోచింది చెప్పాను. మాత్ర నీకు పడదని డాక్టరు చెప్పింది కాబట్టి అది లెక్కలోంచి తీసెయ్. టికెట్లు తీసేటప్పుడే మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నీ తేదీ ఎప్పుడొస్తుందో లెక్కేయించు, ఆ వారం వదిలేసి ముందుదో వెనకదో చూడమను, లగ్నానికి మనవాళ్లు చూసినట్టే. అప్పటికీ తప్పి వస్తే, వెళ్లి దర్శనం చేసుకో, స్వామికి తెలియనిది ఏముంది. మా అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. మొదటి రెండిటికీ తల ఊపింది. మూడోదానికి ఒప్పుకోలేదు, గదిలో కూర్చుని గోవింద నామాలు చదువుకోమంది, అదీ దర్శనమే అంది. మా తోడికోడలు ఇద్దరి మాటా విని, ముందు మీ మరిదిగారితో తేదీల సంగతి మాట్లాడతానంది.